కొత్తగా చేరేవాళ్లకు వారం ముందే పంపాల్సిన మెసేజ్

చేరే రోజు పొద్దున్నే "సార్, ఏమేం తేవాలి?" అని ఫోన్లు, వచ్చాక ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో ఇంకో పేరు. విజయవాడలో మా చిన్న ఆఫీసులో ఈ తలనొప్పి తగ్గించిన పద్ధతి ఇది. చేరడానికి సరిగ్గా 7 రోజుల ముందు వాట్సాప్‌లో ఇలా పంపండి:

"నమస్కారమండీ. వచ్చే సోమవారం ఉదయం 9:45కి రండి. బెంజి సర్కిల్‌లో దిగి ఫోన్ చేస్తే మనిషి ఎదురొస్తాడు. ఆధార్, పాన్, డిగ్రీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ ఒరిజినల్స్, ఒక్కో జిరాక్స్, 2 ఫొటోలు తెండి. ఒరిజినల్స్ చూసి వెంటనే ఇచ్చేస్తాం. ఆధార్, పాన్ ఫొటోలు ఇవాళే పంపండి. మొదటి రోజు మధ్యాహ్నం భోజనం మాతోనే, సాయంత్రం 5కి వెళ్లిపోవచ్చు."

అసలు పని ఆ ఫొటోలతోనే. మనవాళ్లకు ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం మాత్రమే ఉండటం మామూలే. పేరు, పుట్టిన తేదీ రెండింట్లో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే పీఎఫ్ ఖాతా దగ్గర పని ఆగిపోవచ్చు. ముందే తెలిస్తే దిద్దుబాటుకు అప్పుడే దరఖాస్తు పెట్టుకుంటారు. పాత పీఎఫ్ ఉంటే యూఏఎన్ నంబరు కూడా అడగండి, లేకపోతే రెండో యూఏఎన్ పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది.

ఒక జాగ్రత్త. ఇంకా నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లకు ఇది పూర్తిగా కుదరదు. మీరు పాత ఆఫీసు రిలీవింగ్ లెటర్ కూడా అడుగుతుంటే, అది చాలా చోట్ల ఆఖరి రోజు తర్వాతే ఇస్తారు. వాళ్లను దానికోసం టెన్షన్ పెట్టకుండా, రాజీనామా ఆమోదించిన మెయిల్ తీసుకుని, లెటర్ తర్వాత ఇవ్వమనండి.