బొమ్మలో సైజు అబద్ధం చెప్పకుండా

ఏఐతో ప్రోడక్ట్ ఫోటో చేయించేటప్పుడు "6 సెంటీమీటర్ల ఎత్తున్న సీసా" అని రాస్తే పెద్దగా లాభం ఉండదు. అది కొలవదు, చూడ్డానికి బాగుండేలా గీసేస్తుంది. అంకె బదులు పోలిక రాయండి: "పక్కనే నిలబెట్టిన ఏటీఎం కార్డు కంటే సీసా పొట్టిగా ఉండాలి, రెండూ ఆనుకుని ఉండాలి" అని.

కార్డే ఎందుకంటే, దాని కొలత ఎక్కడైనా ఒకటే. పొడవు 8.56 సెంటీమీటర్లు, వెడల్పు 5.4. చెయ్యి అలా కాదు. చిన్న చేతిలో పెడితే అదే సీసా పెద్దదైపోతుంది. పైగా వేళ్లు గీయడంలో ఏఐ ఇప్పటికీ అప్పుడప్పుడు తడబడుతుంది.

బొమ్మ వచ్చాక కంటిని నమ్మకండి, కొలవండి. 6ని 8.56తో భాగిస్తే సుమారు 0.7. నిలువుగా ఉన్న కార్డు బొమ్మలో 400 పిక్సెళ్లుంటే, సీసా 280 దగ్గర ఉండాలి. నాకు ఒకసారి 390 వచ్చింది, అంటే దాదాపు 8.3 సెంటీమీటర్ల సీసా! చూడ్డానికి మాత్రం ఏ తేడా అనిపించలేదు. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ గీయించడం కంటే, ఎడిటర్‌లో సీసాను మాత్రమే 72 శాతానికి తగ్గించి, దాని నీడ సరిచేసుకోవడం తేలిక.

కార్డు సీసా వెనక్కి జరిగినా ఈ లెక్క పనికిరాదు. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా, సీసా ఉన్నదానికంటే పెద్దదనిపిస్తుంది. రెండింటి అడుగులూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూసుకోండి.