టారో పాఠాలు – 9: వదలకుండా వచ్చే కార్డు

పోయిన పాఠంలో పరిస్థితి, అడ్డంకి, సలహా అనే మూడు స్థానాల్లో కార్డులు పరచడం నేర్చుకున్నాం. ఒకే మనిషికి వేర్వేరు రోజుల్లో చూసినా అదే కార్డు వస్తుంటే ఏమనుకోవాలో ఈసారి చూద్దాం.

ముందు పేకను అనుమానించండి. 78 కార్డుల్లో మూడు తీస్తే, వాటిలో కనీసం ఒకటి తర్వాతిసారి కూడా రావడం సుమారు తొమ్మిదింట ఒకసారి జరిగేదే. కాబట్టి రెండుసార్లు వస్తే అది పెద్ద విశేషం కాదు. వరుసగా మూడోసారీ వస్తే మాత్రం ఆగి చూడాలి. చేతిలో పట్టుకుని పైపైన కలిపితే కార్డులు గుంపులుగానే ఉండిపోతాయి, కిందటిసారివి మళ్ళీ పైకి వస్తాయి. పేకంతా బోర్లించి, బల్లమీద పరిచి, రెండు చేతులతో ఒక నిమిషం బాగా కలిపి అప్పుడు పోగు చేయండి. ఆ తర్వాత కూడా వస్తేనే అర్థం వెతకండి.

తిరుపతి బైరాగిపట్టెడలో ట్యూషన్ నడిపే ఒక అక్కకు ఎయిట్ ఆఫ్ కప్స్ మూడుసార్లు వచ్చింది. పేర్చిన ఎనిమిది గిన్నెలను వెనక వదిలి, చేతికర్రతో కొండలవైపు నడిచిపోయే మనిషి బొమ్మ అది. పై వరుసలో ఒక గిన్నె పట్టేంత ఖాళీ ఉంటుంది, దాన్ని గమనించండి. మొదటిసారి ఆమె డబ్బు గురించి అడిగింది. కార్డు అడ్డంకి స్థానంలో పడింది, పక్కన నాణేలను గట్టిగా హత్తుకున్న ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. రెండోసారి ఇంటి గొడవల గురించి అడిగితే పరిస్థితిలో పడింది. మూడోసారి బెంగళూరు వెళ్ళాలా అని అడిగితే సలహాలో పడింది.

మూడుసార్లూ "వదిలి వెళ్ళిపో అంటోంది" అని చెప్పేయడం తొందరపాటు. కార్డు ఒకటే అయినా కూర్చున్న చోటు మారింది. వదల్లేకపోవడమే మొదట అడ్డు. తర్వాత మనసు అప్పటికే బయటికి నడిచింది. చివరికి, ఆ ఖాళీ ఎక్కడుందో ఒప్పుకొని కదలమని సూచన. అందుకే ఆమెను నేనడిగింది ఒక్కటే: "అక్కా, ఈ మూడు ప్రశ్నల్లోనూ ఉన్న మనిషి ఎవరు?" కాసేపు ఆలోచించి, ట్యూషన్‌లో భాగస్వామి అయిన ఆడపడుచు పేరు చెప్పింది. ఊరు మారడం కాదు, ఆ భాగస్వామ్యమే అసలు విషయం. అడిగినవి మూడయినా లోపల ఉన్నది ఒకే ప్రశ్న.

కార్డు స్థానం కూడా మారకుండా ప్రతిసారీ అక్కడే పడితే చదివే తీరు వేరు: ఆ మనిషి అక్కడే ఆగిపోయారేమో చూడండి. వారంలోపే అదే ప్రశ్న మళ్ళీ అడిగితే మాత్రం కార్డులు తీయకండి. పోయినసారి తర్వాత జీవితంలో ఏదైనా కదిలాకే రమ్మని చెప్పండి.

వచ్చే పాఠంలోపు ఒక నోటుబుక్కులో తేదీ, వాళ్ళు అడిగిన ప్రశ్న వాళ్ళ మాటల్లోనే, స్థానం, నిలువా తలకిందులా, పక్క కార్డులు రాయండి. మూడు పేజీలు నిండాక పక్కపక్కన పెట్టి, ముందు ప్రశ్నలు చదవండి, తర్వాతే కార్డులు.