క్వీన్ మంచం ఆర్డర్ పెట్టే ముందు జాగ్రత్తలు

☐ పరుపు సైజు చూసి మంచం సైజు అనుకోవద్దు. మన దగ్గర క్వీన్ పరుపు వెడల్పు 60 అంగుళాలు, పొడవు మాత్రం 72, 75, 78 అని రకరకాలు. మంచం ఫ్రేమ్ దానికంటే పెద్దది. హెడ్‌బోర్డ్‌తో కలిపి బయటి కొలతలు అడగండి.

☐ గోడ నుంచి గోడకి కాదు, బీరువా ముందు నుంచి కొలవండి. మా గది 10×10, అంటే 120 అంగుళాలు. ఫ్రేమ్ 64×83. కాళ్ల వైపు 37 మిగిలింది, బాగానే ఉందనుకున్నాం. కానీ అటు గోడకే 24 అంగుళాల లోతు బీరువా! మిగిలింది 13, తలుపు వెడల్పేమో 18. చివరికి మంచాన్ని ఒక పక్క గోడకి జరిపి, బీరువాని ఎదురు పక్క గోడకి మార్చాం. మధ్యలో 32 వచ్చింది, తలుపు హాయిగా తెరుచుకుంటోంది. గోడవైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే మాత్రం పక్కవాళ్లని దాటాల్సిందే.

☐ పక్కకి లాగే సొరుగులుంటే వాటికీ చోటు లెక్కేయండి.

☐ డబ్బు కట్టే ముందు ఫ్రేమ్ కొలతకి నేల మీద పాత పేపర్లు పరిచి, గది తలుపు, బీరువా తలుపు తెరిచి చూడండి.