అనువాదం మీద సంతకం పడేలోపు పక్కపక్కన పెట్టి చదవండి

మా అక్క 1979లో విజయవాడలో పుట్టింది. గ్రీన్‌కార్డు ఫైలు కోసం ఆ చేతిరాత జనన ధ్రువపత్రాన్ని ఇంగ్లీషులోకి మార్పించాం, గవర్నర్‌పేటలో ఒక డీటీపీ షాపులో, గంటలో చేతికొచ్చింది. ఇంటికొచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో లైను లైనూ చదివితే మూడు తప్పులు దొరికాయి.

మొదటిది ఆఫీసు పేరు. అసల్లో "విజయవాడ పురపాలక సంఘం, కృష్ణా జిల్లా" అనుంటే, అతను మునిసిపల్ కార్పొరేషన్, ఎన్టీఆర్ జిల్లా అని కొట్టేశాడు. తెలివిగా అప్‌డేట్ చేశాననుకున్నాడు పాపం. కానీ విజయవాడ కార్పొరేషన్ అయింది 1981లో, ఎన్టీఆర్ జిల్లా వచ్చింది 2022లో. 1979 కాగితంలో ఆ పేర్లు ఉండటానికే వీల్లేదు, ముద్రలో ఉన్న పేరుతో కూడా కలవదు. గుంటూరు వాళ్లకీ ఇదే బెడద, అక్కడ కార్పొరేషన్ 1994లో వచ్చింది. తాలూకా అని ఉంటే తాలూకా అనే ఉంచాలి, మండలాలు పుట్టిందే 1985లో.

రెండోది తేదీ. 03-04-1979 అంటే మనకి ఏప్రిల్ మూడు, అమెరికా వాడికి మార్చి నాలుగు. అంకెల్లో వదిలేయకుండా నెలని అక్షరాల్లో రాయించండి. పుట్టిన తేదీ, నమోదు చేసిన తేదీ, కాపీ జారీ చేసిన తేదీ మూడూ వేరు, మా దాంట్లో నమోదు తేదీ వెళ్లి జనన తేదీ గడిలో కూర్చుంది.

మూడోది పేరు, ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే. తెలుగులో "లక్ష్మి" ఒకటే, ఇంగ్లీషులో కెఎస్‌హెచ్‌తోనూ రాయొచ్చు, ఎక్స్‌తోనూ రాయొచ్చు, కాబట్టి పాస్‌పోర్టు జిరాక్సు చేతిలో పెట్టి అదే స్పెల్లింగు వాడమనండి. అంతవరకే. పత్రంలో "సుబ్బలక్ష్మి" ఉండి పాస్‌పోర్టులో ఉత్త "లక్ష్మి" ఉంటే అనువాదంలో సర్దేయమని మాత్రం అడగొద్దు, అది అనువాదం కాదు, దిద్దుబాటు. పత్రంలోనే తప్పుంటే జనన మరణాల రిజిస్ట్రారు దగ్గరికెళ్లి సరిచేయించుకోవాలి, అది అనువాదకుడి పని కాదు. తండ్రి పేరు ముందు "కీ.శే." ఉంటే అదీ రావాలి, దాన్ని ఇంటిపేరు పొడి అక్షరాలనుకుని కె.ఎస్. అని టైపు చేసినవాళ్లని చూశాను.

గుండ్రటి ముద్రలో అక్షరాలు, మార్జిన్‌లో చేతిరాత, సంతకం కింద హోదా, ఇవన్నీ అనువాదంలో ఉండాలి. చదవలేకపోతే "అస్పష్టం" అని రాయాలి తప్ప ఊహించకూడదు. అమెరికా ఇమిగ్రేషన్‌కైతే, అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందనీ, తనకి రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం పెట్టాలి. మా షాపువాడు నోటరీ స్టాంపు కొట్టించి ఆ ముక్క రాయడం మర్చిపోయాడు, మళ్లీ వెళ్లాం.