పాత మేనేజర్‌ని రికమెండేషన్ లెటర్ అడగడం ఎలా?

మా పిన్ని కొడుకు రాయగడలో ఒక పేపర్ మిల్లు ల్యాబ్‌లో మూడేళ్లు చేశాడు. ఎమ్మెస్‌కి దరఖాస్తు పెడుతూ, రిటైరై బరంపురంలో ఉంటున్న పాత మేనేజర్‌కి వాట్సాప్‌లో "సార్, ఎల్‌ఓఆర్ కావాలి" అని ఒక్క ముక్క పెట్టాడు. పది రోజులైనా జవాబు రాలేదు. ఆయనకు కోపమేమీ లేదు, ఏం రాయాలో తోచలేదంతే.

ముందు ఫోన్ చేయండి. గడువుకు కనీసం నాలుగు వారాల ముందే. ఒడియా ఆయనైతే "నమస్కార్ ఆజ్ఞా" అని మొదలుపెట్టి, క్షేమం అడిగి, "నా పని గురించి వివరంగా రాయగలరా సార్? వీలుకాకపోతే మొహమాటం లేకుండా చెప్పండి" అనండి. ఆయన నసిగితే ఇంకొకరిని చూసుకోండి. మొక్కుబడిగా రాసిన నాలుగు లైన్ల లెటర్ సాయం చేయకపోగా చెడగొడుతుంది.

ఏ మెయిల్ ఇవ్వాలో అడగండి. చాలా యూనివర్సిటీలు లెటర్ ఎక్కించే లింకును నేరుగా మేనేజర్‌కే పంపుతాయి. కంపెనీ మెయిల్ ఉంటే మంచిది. రిటైరైన వాళ్లకు అది ఉండదు కాబట్టి, సొంత మెయిల్ చెల్లుతుందా అని అడ్మిషన్ ఆఫీసుకు ముందే రాసి కనుక్కోండి.

కావలసినవన్నీ ఒకే మెయిల్‌లో పంపండి. రెజ్యూమె, కోర్సు పేరు, గడువు తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా. అసలైనది వీటి తర్వాత ఉంది: ఆయన కళ్లారా చూసిన మీ పనులు రెండో మూడో. మావాడు మొదట "కష్టపడి పనిచేశాను" అని రాశాడు. అది ఎవరైనా రాస్తారు. కొట్టేయించి ఇలా రాయించాను:

"వానాకాలంలో రీళ్లలో తేమ ఎక్కువగా వస్తోందని ఫిర్యాదులొచ్చాయి. రాత్రి షిఫ్టులో గంటకోసారి శాంపిల్ తీసి రాసుకున్నాను. తేమ ఎప్పుడూ రీలు ఒక పక్కనే పెరుగుతోందని ఆ లెక్కల్లో కనిపించింది. డ్రైయర్ దగ్గర స్టీమ్ ట్రాప్ పాడైందని మెయింటెనెన్స్ వాళ్లు తేల్చారు."

"నువ్వే రాసి పంపు, సంతకం పెడతాను" అని కొందరంటారు. ఒప్పుకోకండి. లెటర్ సిఫార్సు చేసేవాళ్లే రాయాలని చాలా యూనివర్సిటీల నియమం. పైగా మీ దరఖాస్తు వ్యాసం, ఆ లెటర్ ఒకే గొంతుతో ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు. "పాయింట్లు ఇంకా కావాలంటే ఇస్తాను సార్" అంటే చాలు.

గడువుకు వారం ముందు ఒక్కసారి గుర్తుచేయండి. లింకు స్పామ్‌లో పడి ఉండొచ్చు, చూడమనండి. లెటర్ చేరిందో లేదో మీ దరఖాస్తు పేజీలోనే కనిపిస్తుంది.

మావాడు మెయిల్ పంపిన మర్నాడే ఆయన ఫోన్ చేశారు. "ఆ రాత్రి ఆపరేటర్ లాగ్‌బుక్ ఇవ్వనంటే, అతనితో ఒడియాలో మాట్లాడి, టీ తాగించి తెచ్చావు కదా, అది రాయలేదేం?" అన్నారట. మావాడికే గుర్తులేదు.