ఫోర్‌మన్ తిడితే ముందు ఎక్స్‌రే రిపోర్ట్ చూడండి (గల్ఫ్‌కి కొత్తగా వెళ్ళే మన వెల్డర్లకి)

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్ వీసా మీద వెళ్ళే కుర్రాళ్ళకి ఎన్ని జతల బట్టలు పెట్టుకోవాలో, ఆవకాయ ఎలా ప్యాక్ చెయ్యాలో ఊరంతా చెప్తారు. మొదటి నెలలో ఫోర్‌మన్ పదిమంది ముందు తిడితే ఏం చెయ్యాలో మాత్రం ఒక్కడూ చెప్పడు. నాకూ చెప్పలేదు, అందుకే ఇది రాస్తున్నా.

నేను వెళ్ళిన రెండో వారంలో తొమ్మిది పైపు జాయింట్లు కొట్టాను, ఎక్స్‌రేలో మూడు ఫెయిల్. ఫోర్‌మన్ అందరి ముందూ "కామ్ నహీ ఆతా తో ఘర్ జావ్" అని అరిచాడు, ఇంకా ఏవేవో అన్నాడు గానీ నాకు వినపడింది అదొక్కటే. ఆ రాత్రి క్యాంపులో నిద్ర లేదు. నాకు పనే రాదు, ట్రేడ్ టెస్ట్ ఏదో లక్కీగా పాసైపోయాను, ఏజెంటుకి కట్టిన అప్పు ఎలా తీరుద్ది, తిరిగెళ్తే ఊళ్ళో ఏమంటారు, ఇలా ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి వస్తూనే ఉంది.

ఇక్కడ ఒక విషయం మనోళ్ళకి బాగా తెలియాలి. 7018 రాడ్డుతో ఆర్క్ పొట్టిగా పట్టాలి, రాడ్డు లోపలి తీగ మందం కంటే ఎక్కువ ఎత్తు పోకూడదు. మర్నాడు నాకు చెయ్యి వణికింది, వణికిన చెయ్యి తెలియకుండానే రాడ్డు పైకి లేపేస్తుంది, ఆర్క్ పొడుగైతే కరిగిన మెటల్‌లోకి గాలి దూరి చిన్న చిన్న బుడగలు పడతాయి. దాన్నే పోరోసిటీ అంటాం. నాలుగో జాయింట్ కూడా పోయింది. ఆ నాలుగోది పని రాక పోలేదు, రాత్రంతా పడ్డ బెంగ చేతిలోకి దిగి పోయింది.

మా పక్కూరి ఫిట్టర్ ఒకాయన ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద, బావా అని పిలిచేవాణ్ణి. నా మొహం చూసి "రిపోర్టు సూసినావేటిరా?" అన్నాడు. లేదన్నా. "మరేటి సూసి ఏడుస్తన్నావు?" అన్నాడు.

వెళ్ళి క్యూసీ అబ్బాయిని అడిగి రిపోర్ట్ చూశా. అందులో జాయింట్ నంబరు, డిఫెక్ట్ పేరు, పైపు మీద జీరో మార్క్ నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో, అన్నీ ఉంటాయి. మొదటి మూడూ పోరోసిటీయే, మూడూ కొత్త రాడ్డు స్టార్ట్ చేసిన చోటే. రూట్ బాగుంది, ఫ్యూజన్ బాగుంది. బావ నోట్‌బుక్ ఇచ్చి ఎడమ పక్క ఫోర్‌మన్ అన్నది, కుడి పక్క కాగితంలో ఉన్నది రాయమన్నాడు. ఎడమ పక్క "పని రాదు". కుడి పక్క "స్టార్టింగ్‌లో బుడగలు, మూడు చోట్ల". రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ అవి వేరు వేరు మాటలని నాకు తట్టలేదు.

స్టార్టింగ్‌లోనే వస్తే అనుమానించాల్సినవి రెండు. ఒకటి రాడ్డు చెమ్మ పట్టడం. నా చిన్న ఓవెన్ ప్లగ్ ఎప్పటినుంచో ఊడిపోయి ఉంది, చెయ్యి పెడితే చల్లగా ఉంది, అది కనీసం 120 డిగ్రీల వేడిలో ఉండాలి. సముద్రం పక్కన సైటు, ఆ గాలిలో చెమ్మ పట్టదా మరి. రెండోది మన చేతి అలవాటు: ఆగిన చోటుకి ఒక సెంటీమీటరు ముందు ఆర్క్ కొట్టి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఆ చోటు మీదుగా కరిగించుకుంటూ వెళ్ళాలి. నేను తిన్నగా ఆగిన చోటే కొట్టేస్తున్నా, అది నా తప్పే. ప్లగ్ పెట్టి, స్టార్టింగ్ మార్చుకున్నాక రిపేర్లు క్లియర్ అయ్యాయి. ఫోర్‌మన్ "ఠీక్ హై" అన్నాడంతే, సారీ ఏమీ లేదు, తర్వాతి వారం గ్రైండింగ్ మీద మళ్ళీ అరిచాడు.

కాబట్టి తిట్టేటప్పుడు సంజాయిషీ ఇవ్వకండి, ఎదురు చెప్పకండి. "కౌన్‌సా జాయింట్, క్యా డిఫెక్ట్?" అని ఒక్కటే అడగండి. అప్పుడు చెప్పకపోతే టీ బ్రేక్‌లో అడగండి, అప్పటికి ఆయన వేడి కూడా దిగుతుంది. డిఫెక్ట్ ఎప్పుడూ ఒకే పొజిషన్‌లో, అంటే పైపు అడుగున ఆరు గంటల దగ్గరే వస్తుంటే మీ చెయ్యి, మీ కూర్చునే తీరు చూసుకోండి. అదే ఓవెన్ రాడ్లు వాడినవాళ్ళందరికీ వస్తుంటే మెటీరియల్ చూడండి.

చెయ్యి చేసుకోవడం, జీతం ఆపడం, పాస్‌పోర్ట్ లాక్కుని బెదిరించడం మాత్రం తిట్ల లెక్కలోకి రావు, వాటికి నోట్‌బుక్ పనికిరాదు. ఇండియన్ ఎంబసీకి చెప్పండి, మన విదేశాంగ శాఖ వాళ్ళ మదద్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి. అలాగే రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే క్యాంపు డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంకోటి, తిట్లు తిన్న గంటలోపు ఇంటికి ఫోన్ చెయ్యకండి. నేను చేశాను, మా అమ్మ గొంతు విని పసిగట్టేసింది, ఆ రాత్రంతా ఆవిడని ఓదార్చడమే నా పనైపోయింది. రిపోర్ట్ చూశాక చెయ్యండి.