మిరపకాయ కారం గింజలో పుట్టదు

రాయగడ సంతలో బజ్జీలకని కొన్న మిరపకాయలు మరీ మండుతుంటే చాలామంది గింజలు దులిపేసి ఊరుకుంటారు. అది సగం పనే. కాయను నిలువునా చీల్చి చూడండి. తొడిమ దగ్గర నుంచి కిందికి, గింజలు అంటుకుని ఉన్న తెల్లటి ఈనె కనిపిస్తుంది. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం తయారయ్యేది అందులోనే. గింజకు అది పైపైన అంటుతుంది, అంతే. చెంచా అంచుతో ఆ ఈనెను తొడిమ వైపు నుంచి గీకేస్తే కారం బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు, కండలోనూ కాస్త ఉంటుంది.

క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఉత్త నీళ్లతో కడిగిన చేత్తో కన్ను నలుపుకుంటే మంటే. ముందు వంటనూనె రాసి గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడగండి.